వెంటిలేటర్ ఎప్పుడు తీయవచ్చు? క్యాథలిక్ ఆసుపత్రి నైతిక కమిటీకి ఒక మెమోలో ఉండాల్సినవి

ఐసీయూలో కోలుకునే అవకాశం లేని రోగి విషయంలో మన దేశంలో తరచుగా ఒకటి జరుగుతుంటుంది. డబ్బు అయిపోయో, ఆశ వదులుకునో, కుటుంబం 'వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళుతున్నాం' అని సంతకం చేసి రోగిని ఇంటికి తరలిస్తుంది. శ్వాస అందించే యంత్రం ఆగుతుంది కానీ ఆయాసానికి, నొప్పికి మందు అందదు. ఆసుపత్రికి స్పష్టమైన విధానం ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మత సంస్థ నడిపే ఆసుపత్రిలో ఆ విధానానికి మూలం నైతిక కమిటీ ముందు పెట్టే మెమో. క్యాథలిక్ ఆసుపత్రిని ఉదాహరణగా తీసుకుంటే, ఆ మెమో మత బోధన, చట్టం, వైద్యం అనే మూడింటినీ ఒక నిర్ణయంలో కలపాలి.

మత బోధన

ప్రాణాన్ని ఎలాగైనా పొడిగించాల్సిందేనని క్యాథలిక్ బోధన చెబుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1957లో పోప్ 12వ పయస్ మత్తు వైద్య నిపుణులతో మాట్లాడుతూ, సాధారణ చికిత్స తప్పనిసరి కానీ అసాధారణ చికిత్స తప్పనిసరి కాదని వివరించారు. 1980 నాటి వాటికన్ ప్రకటన ఇదే ఆలోచనను మరో విధంగా చెప్పింది. చికిత్స వల్ల రోగికి వచ్చే మేలు, అది మోపే భారం పోల్చి చూడాలి. మేలుకు మించి భారముంటే ఆపవచ్చు. అలా ఆపడం చంపడం కాదు, మరణాన్ని అంగీకరించడం. రోగిని చంపే ఉద్దేశంతో మందు ఇవ్వడం మాత్రం ఎన్నడూ అనుమతించరు.

చట్టం

కోలుకోలేని రోగికి ప్రాణాధార చికిత్సను ఆపవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతిని సరళం చేసింది. చికిత్స చేస్తున్న వైద్యుడితో పాటు కనీసం 5 ఏళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు ప్రాథమిక బోర్డుగా ఏర్పడతారు. వారి నిర్ణయాన్ని మరో బోర్డు పరిశీలిస్తుంది. అందులో జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించే వైద్యుడొకరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు ఉంటారు. వీలైనంతవరకు ఒక్కో బోర్డు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రోగి ముందస్తు వీలునామా రాయకపోతే దగ్గరి బంధువుల సమ్మతి కావాలి. నిర్ణయాన్ని అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వాలి.

ఒక ఉదాహరణ

ఊహించిన ఒక రోగిని చూద్దాం. వయసు 74. ఊపిరితిత్తుల దీర్ఘ వ్యాధి ఉంది. న్యుమోనియా వల్ల 16 రోజులుగా వెంటిలేటర్‌పై ఉన్నారు. మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. రక్తపోటు నిలిపే మందు మోతాదు రోజురోజుకూ పెరుగుతోంది. డయాలసిస్ మొదలుపెట్టాలా?

మెమో ఇక్కడ మూడు రోజుల గడువుతో ప్రయత్నాన్ని సూచించవచ్చు. రక్తపోటు మందు తగ్గిందా, స్పృహ మెరుగైందా అనే కొలమానాలను ముందే రాసుకోవాలి. అవి మెరుగుపడకపోతే డయాలసిస్ మేలు చేయడం లేదని తేలుతుంది. అప్పుడు ఆపాలన్న చర్చ 'మనం వదిలేశామా' అన్న అపరాధభావంతో కాకుండా, ముందే ఒప్పుకున్న గుర్తుల ఆధారంగా సాగుతుంది.

బోర్డులు అంగీకరించి వెంటిలేటర్ తీసే రోజున క్రమం ముఖ్యం. కండరాలను స్తంభింపజేసే మందును ముందే ఆపి, దాని ప్రభావం పూర్తిగా తగ్గిందో లేదో చూసుకోవాలి. అది పనిచేస్తుంటే రోగి ఆయాసపడినా బయటికి కనిపించదు. తర్వాత సిరలోకి మార్ఫిన్ 2 నుంచి 5 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆక్సిజన్‌ను, శ్వాస ఒత్తిడిని క్రమంగా తగ్గించాలి. కనుబొమలు ముడిపడటం, మెడ కండరాలు లాగుకోవడం, శ్వాస వేగం పెరగడం వంటి గుర్తులు కనిపిస్తే మందును మళ్లీ ఇవ్వాలి.

మార్ఫిన్ ఆయువును తగ్గించదా? బాధకు తగిన మోతాదులో ఇస్తే ఆ భయం ఎక్కువగా అనవసరమైనది. ఒకవేళ తగ్గించినా, ఉద్దేశం ఉపశమనమే కనుక క్యాథలిక్ బోధన దాన్ని అంగీకరిస్తుంది. 12వ పయస్ ఈ మాటను కూడా 1957లోనే చెప్పారు. అందువల్ల ప్రతి మోతాదు పక్కన, అది ఏ లక్షణానికి ఇచ్చారో నమోదు చేయాలి.

మెమోలో కష్టమైన భాగం

గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం, నీరు ఆపవచ్చా? 2007లో వాటికన్ ఇచ్చిన సమాధానం ప్రకారం అవి సూత్రరీత్యా సాధారణ సంరక్షణ. శరీరం వాటిని గ్రహించగలిగినంతకాలం ఇవ్వాల్సిందే. గ్రహించలేకపోతే, లేదా గొట్టమే బాధకు కారణమైతే ఆ నియమం వర్తించదు. చివరి రోజుల్లో పేగులు కదలకపోవడం, ఇచ్చిన ద్రవం ఊపిరితిత్తుల్లో చేరడం దానికి గుర్తులు. ఏళ్ల తరబడి స్పృహ లేకుండా ఉండి, ఆహారాన్ని గ్రహిస్తున్న రోగి విషయం వేరు. కుటుంబం గొట్టం తీసేయమన్నప్పుడు ఆసుపత్రి అంగీకరించలేకపోవచ్చు. అలాంటప్పుడు సంరక్షణ తెగిపోకుండా రోగిని మరోచోటికి ఎలా పంపాలో మెమోలోనే రాసి, ఆ సంగతిని కుటుంబానికి చేరిక రోజునే చెప్పాలి.