అంచనా ఎక్కడ మొదలైందో చూపే గీత

భారత వాతావరణ శాఖ 2025 ఏప్రిల్‌లో ఆ ఏడాది నైరుతి రుతుపవన వర్షపాతం దేశం మొత్తానికి దీర్ఘకాల సగటులో 105 శాతం ఉండవచ్చునని, ఈ అంచనాకు అటూ ఇటూ 5 శాతం దోషం ఉంటుందని ప్రకటించింది. ఆ సగటు దాదాపు 87 సెంటీమీటర్లు. ఈ అంచనాను ఏడాది వారీ రేఖాచిత్రంలో చూపేటప్పుడు 2024 నాటి 108 శాతం వరకు నమోదైన విలువలను నిండు చుక్కలతో, నిండు గీతతో గీసి, అక్కడ ఒక నిలువు గీతతో హద్దు పెట్టి, ఆ తరువాత 105ను బోలు చుక్కగాను, 100 నుండి 110 వరకు లేతరంగు పట్టీగాను చూపాలి. హద్దుకు ఒకవైపు ‘నమోదైనది’, మరొకవైపు ‘2025 ఏప్రిల్ అంచనా’ అని చిత్రంలోనే రాయాలి. హద్దు లేకుండా ఒకే నిండు గీతను ముందుకు సాగదీస్తే, ఇంకా కురవని వానను కురిసిన వానగా చదివే ప్రమాదముంది.

పట్టీ గీయడం సులభమే గాని, దాని అర్థం చెప్పడమే కష్టం. 2015 నుండి 2024 వరకు పదేళ్ల ఏప్రిల్ అంచనాలను పరిశీలిస్తే, నమోదైన వర్షపాతం 5 శాతం పట్టీలో పడినది 2017, 2021, 2023, 2024లలో మాత్రమే, అంటే పదింట నాలుగు సార్లే. 2019లో 96 శాతం అంచనా వేయగా 110 శాతం కురిసింది. పట్టీ వెడల్పును రెట్టింపు చేసి 10 శాతం చేస్తే పదింట తొమ్మిదేళ్లు లోపలికి వస్తాయి, 2019 ఒక్కటే బయట మిగులుతుంది. పదేళ్లు చిన్న నమూనాయే అయినా, 5 శాతం పట్టీని ‘తప్పక ఇంతలోనే’ అనే హద్దుగా చదవరాదని తెలుసుకోవడానికి ఇది చాలు. అందుచేత పట్టీ పక్కన అది ఏ దోషాన్ని చూపుతుందో, గతంలో ఎన్నిసార్లు నిలిచిందో రాయడం రేఖాచిత్రం గీసేవారి బాధ్యత.

జనగామ జిల్లా నర్మెట్టలో తొలకరికి పత్తి విత్తాలని చూసే రైతుకు ఈ పట్టీ నేరుగా పనికిరాదు. దేశమంతటి సగటులో ఒకచోటి లోటును మరొకచోటి మిగులు పూడ్చుతుంది గనుక దాని హెచ్చుతగ్గులు చిన్నవి, ఒక్క మండలపు వానలో ఆ సర్దుబాటు ఉండదు కనుక అక్కడి పట్టీ ఎంతో వెడల్పుగా ఉండాలి. అఖిల భారత పట్టీ మీద మండలం పేరు తగిలించడం తప్పు.

2025 సీజన్ ముగిశాక 108 శాతం నమోదైంది. అప్పుడు నిండు చుక్కను 108 వద్ద చేర్చాలి గాని, పాత బోలు చుక్కను, పట్టీని చెరిపివేయకూడదు, ఎందుకంటే చెరిపిన అంచనా ఎంత తప్పిందో ఎవరూ లెక్కించలేరు.