పన్నెండు నొక్కుల గది

గోదాములో ఒక మనిషి, కొన్ని పెట్టెలు, నేల మీద అన్నే గుర్తులు. ఒక్కో పెట్టెను ఒక్కో గుర్తు మీదికి చేర్చాలి. పెట్టెను నెట్టవచ్చు, లాగడానికి మాత్రం వీల్లేదు. ఒకసారికి ఒక్కదాన్నే నెట్టగలం. 1981లో జపాన్‌లో హిరోయుకి ఇమబయాషి తయారుచేసిన సోకోబాన్ అనే ఆటకు ఉన్న నియమాలు ఇవే. ఇన్నేళ్లయినా పజిల్ గేములు తయారుచేయడం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ దీని దగ్గరికే వస్తారు. నియమాలు అరనిమిషంలో అర్థమైపోతాయి గనక, ఆటలో కష్టం ఎక్కణ్ణించి పుడుతోందో దీంట్లో స్పష్టంగా కనిపిస్తుంది.

నేను కూడా ఈ ఆటకు పది లెవెళ్లు గీశాను. స్టీఫెన్ లావెల్ రూపొందించిన పజిల్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాధనం ఉంది. గదిని అక్షరాలతో గీసి ఇస్తే అది ఆడే ఆటగా మారుతుంది. గీయడం రెండు సాయంత్రాల పని. వాటిని ఏ వరుసలో పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో తెలిసిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

కింది బొమ్మల్లో # అంటే గోడ, @ అంటే మనిషి, $ అంటే పెట్టె, చుక్క అంటే గుర్తు, * అంటే అప్పటికే గుర్తు మీద ఉన్న పెట్టె. మొదటి లెవెల్ ఇది:

```
#######
#@ $ .#
#######
```

కుడివైపు బాణం మూడుసార్లు నొక్కితే అయిపోతుంది. తప్పు చేయడానికి చోటే లేదు. నెడితే పెట్టె కదులుతుందనీ, చుక్క మీదికి చేరితే గెలుస్తామనీ ఒక్క మాట రాయకుండానే తెలిసిపోతుంది. రెండో లెవెల్లో పెట్టె చుట్టూ తిరిగి రెండోవైపు నుంచి నెట్టాలి. మూడోదాంట్లో పెట్టె మూలలో పడితే ఇక బయటికి రాదనీ, గోడకు ఆనుకుంటే ఆ గోడ వెంబడే జరుగుతుందనీ తెలియాలి. అది చెబితే వచ్చేది కాదు. ఒకసారి ఇరుక్కోవాలి. అందుకే ఆ గదిని రెండు మూడు నెట్టుళ్లలోనే ఇరుక్కునేంత చిన్నదిగా చేశాను. నాలుగోది రెండు పెట్టెలతో ఈ మూడింటినీ కలిపి ఆడించేది.

కష్టం క్రమంగా పెరగాలంటే పెట్టెల సంఖ్యో, వేయాల్సిన అడుగుల సంఖ్యో పెంచుకుంటూ పోతే చాలనుకున్నాను మొదట్లో. ఒకటి, రెండు, మూడు, నాలుగు పెట్టెలు. మూడు, ఇరవై, నలభై, అరవై అడుగులు. కాగితం మీద గీత చక్కగా పైకి లేచింది. ఆ లెక్క ప్రకారం మూడో స్థానంలో నేను మొదట పెట్టిన గది ఇది:

```
########
#    ###
# @$ *.#
#    ###
########
```

రెండే పెట్టెలు. అందులో ఒకటి ఇప్పటికే గుర్తు మీద ఉంది. మొత్తం పన్నెండు నొక్కుల్లో పూర్తవుతుంది. అయినా నా పది లెవెళ్లలో జనం అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది దీని ముందే.

ఎందుకో చూడండి. మనిషి పెట్టె పక్కనే ఉన్నాడు, ఖాళీ గుర్తు అదే వరుసలో కుడిచివర ఉంది. చెయ్యి దానంతటదే కుడి బాణం మీదికి పోతుంది. ఆ ఒక్క నొక్కుతోనే ఆట పోయింది. పెట్టె ఇప్పుడు సందు వాకిట్లో ఉంది. ముందుకు నెడదామంటే రెండో పెట్టె అడ్డం, పైకో కిందికో నెడితే మూలలో పడుతుంది, వెనక్కి నెట్టాలంటే అవతలివైపు వెళ్లే దారి లేదు. సరైన మార్గం వేరు. చేతిలో ఉన్న పెట్టెను ముట్టుకోకుండా పై వరుసలోంచి చుట్టి వచ్చి, గుర్తు మీద బుద్ధిగా కూర్చున్న పెట్టెను ఆ గుర్తు మీంచి తీసేసి చివరి గుర్తు మీదికి తోయాలి. తర్వాత తిరిగొచ్చి మొదటి పెట్టెను ఖాళీ అయిన చోటికి నెట్టాలి.

పక్కింట్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఇక్కడ ఆగిపోయి, "అంకుల్, అది ముందే కరెక్టుగా ఉంది కదా, మళ్లీ దాన్నెందుకు కదపాలి?" అంది. కష్టమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అడుగులు పన్నెండే. కానీ ఆ పన్నెండు అడుగులు వేయాలంటే, గుర్తు మీదున్న పెట్టె పని అయిపోయినట్టే అన్న నమ్మకాన్ని ముందు వదులుకోవాలి. అరవై అడుగుల గదిలో అలాంటి మలుపు ఒక్కటీ లేకపోతే అది నడకే అవుతుంది, పజిల్ కాదు. చెక్ దేశంలోని మసారిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యారుషెక్, పెలానెక్ మనుషులు సోకోబాన్ ఆడే తీరును పరిశీలించినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. చూడ్డానికి ఒకేలా ఉండి, అడుగుల సంఖ్య కూడా దగ్గరగా ఉన్న గదుల్లో మనుషులకు పట్టే సమయం చాలా తేడాగా ఉంటోంది.

అప్పట్నించి ప్రతి లెవెల్ పక్కనా అడుగుల సంఖ్య రాయడం మానేసి, ఇంతవరకు తెలియని ఏ సంగతి ఇక్కడ తట్టాలో ఒక వాక్యంలో రాసుకున్నాను. కొన్ని గదులకు రాయడానికి వాక్యమే దొరకలేదు. రెండింటికి ఒకే వాక్యం వచ్చింది. ఒకదానికి మూడు వాక్యాలు వచ్చాయి, దాన్ని విడగొట్టాల్సి వచ్చింది.

పన్నెండు నొక్కుల గదిని తీసేయాలనిపించలేదు. ఆరో స్థానానికి జరిపి, దానికి ముందు ఐదోదిగా ఇంకో చిన్న గది పెట్టాను:

```
########
#    ###
#   @*.#
# $  ###
#    ###
########
```

అదే సందు, అవే గుర్తులు. మనిషి మాత్రం ఈసారి గుర్తు మీదున్న పెట్టెకు ఎదురుగా నిలబడ్డాడు. చాలామంది పెద్దగా ఆలోచించకుండానే దాన్ని ముందుకు తోసేస్తారు, తర్వాత కింద ఉన్న పెట్టెను తెచ్చి ఆ చోట పెడతారు. రెండో పెట్టెను ముందు వరుసలోకి తెచ్చుకున్నా దారి మూసుకుపోదు. సరైన చోట ఉన్న పెట్టెను కదిపితే ఏమీ కాదని చేతికి తెలిసిపోతుంది, మనసుకు ఇంకా తెలియదు. ఆరో గదికి వచ్చాక ఆ చేతి జ్ఞాపకమే పనికొస్తుంది. ఈ మార్పు తర్వాత కూడా ఆరోదాంట్లో దాదాపు అందరూ మొదటిసారి ఓడిపోతున్నారు. కానీ కొంతసేపు తెర వంక చూసి, వాళ్లంతట వాళ్లే పై వరుసలోంచి చుట్టి వస్తున్నారు.

ఓడిపోవడం గురించి ఇంకో మాట. ఆ ఆరో గదిలో తప్పు చేసిన మరుక్షణమే తెలిసిపోతుంది. సందును నాలుగు గళ్లు పొడిగించి చూశాను. తట్టాల్సిన సంగతి మారలేదు. మొదటి నొక్కుతోనే ఆట పోవడం కూడా మారలేదు. కానీ ఆటగాడు పెట్టెను ఐదు గళ్లు నెట్టుకుంటూ వెళ్లి చివర్లో గానీ ఆ సంగతి గ్రహించడు. ఐదు గళ్లకే విసుగు మొదలైంది. పెద్ద గదుల్లో ఈ దూరం నలభై, యాభై అడుగులు కూడా కావచ్చు. తప్పెక్కడ జరిగిందో వెతుక్కోవడం అప్పుడు అసలు పజిల్ కంటే పెద్ద పని అయిపోతుంది. కొత్త సంగతి నేర్పే గదిలో తప్పుకూ, తప్పు బయటపడటానికీ మధ్య దూరం వీలైనంత తక్కువ ఉండాలన్నది నా పట్టుదల. ఆ సంగతి వంటబట్టాక వచ్చే గదుల్లో పెంచుకోవచ్చు. పజిల్‌స్క్రిప్ట్‌లో `Z` నొక్కితే ఒక అడుగు వెనక్కి పోతాం, `R` నొక్కితే గది మొదటికొస్తుంది. అవి ఉన్నాయి కదా అని గదిని క్రూరంగా గీయకూడదు.

ఇలాంటివి తెలియాలంటే ఆడేవాళ్ల వెనక నోరు మూసుకుని కూర్చోవడం ఒక్కటే దారి. నేను రాసుకున్నవి మూడే. గది తెరుచుకున్నాక మొదటి అడుగు వేయడానికి ముందు ఎంతసేపు చూశారు, మొదటి తప్పు ఏది, అదే తప్పు ఎన్నిసార్లు చేశారు. వేర్వేరు తప్పులు చేస్తున్నంతసేపు మనిషి ఆలోచిస్తున్నట్టే. అదే తప్పు నాలుగోసారి చేస్తున్నారంటే గది ఏదో దాచిపెడుతోంది. ఇక అసలు ఆగి చూడకుండా నడుస్తూనే గెలిచేస్తే ఆ గదిలో ఏమీ లేదన్నమాట. గెలిచాక "ఎలా వచ్చింది?" అని అడుగుతాను. "ఏమో, వచ్చేసింది" అంటే ఆ గెలుపును లెక్కలోకి తీసుకోను. ఆ మనిషి తర్వాతి గదిలో ఆగిపోతాడు, నేను ఆ తర్వాతి గదిని నిందిస్తాను.

ఆరో గది నుంచి బయటపడ్డవాళ్ల ముఖాల్లో అలసట కనిపించింది. అక్కడే ఏడోదిగా ఇంకో కొత్త సంగతి పెట్టి ముగ్గురిని పోగొట్టుకున్నాను. వాళ్లు మళ్లీ ఆట తెరవలేదు. ఇప్పుడు ఏడోది నాలుగు పెట్టెల పెద్ద గది. చూడగానే భయపెడుతుంది, కానీ అందులో కావలసినవన్నీ మొదటి నాలుగు గదుల్లో నేర్చుకున్నవే. అడుగులు ఎక్కువ, ఆగాల్సిన చోట్లు తక్కువ. పెట్టెలు ఒక్కొక్కటే చోటికి చేరుతుంటే ఆడేవాళ్లు నిటారుగా కూర్చుంటారు. ఇలా చూస్తే కష్టం గీత ఏటవాలు మెట్టలా పోకూడదు, రంపపు పళ్లలా ఎక్కి దిగుతూ, ప్రతి దిగుడూ ముందటి దిగుడు కంటే కొంచెం పైన ఆగాలి.

2007లో వచ్చిన పోర్టల్ ఆటను ఈ దృష్టితో మళ్లీ ఆడి చూశాను. గోడల్లో రెండు ద్వారాలు తెరిచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవడమే ఆ ఆట. అయినా రెండు ద్వారాలనూ తెరిచే తుపాకీ ఆటగాడికి మొదటే ఇవ్వరు. చాలా గదుల వరకు ఒకటే ద్వారం అతని చేతిలో ఉంటుంది, రెండోదాన్ని గదే తెరిచి ఉంచుతుంది. రెండో ద్వారం చేతికొచ్చేసరికి దాంతో ఏంచేయాలో అడగాల్సిన అవసరం ఉండదు. ఈ ఓపిక చూశాకే నా ఎనిమిదో గదిని సగానికి కోశాను.

ఆ ఎనిమిదోది వరుసక్రమం గురించి. ఒక గుర్తు లోపలి గదిలో, రెండోది ఆ గది గుమ్మంలో ఉంటాయి. గుమ్మాన్ని ముందు నింపితే లోపలికి దారి ఉండదు. ఇదొక్కటే చెప్పడానికి రెండు పెట్టెలు చాలు, మొదట నాలుగు పెట్టాను. తొమ్మిదో గదిలో ఆట మొదలయ్యేసరికే గుమ్మంలో పెట్టె ఉంటుంది, గుర్తు మీద సరిగ్గా కూర్చుని. ఆరోదీ ఎనిమిదోదీ ఇక్కడ కలుస్తాయి. రెండూ విడివిడిగా తెలిసినవాళ్లు కూడా చాలాసేపు కూర్చుంటారు. పదింటిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

అన్నిటికంటే కష్టమైనదాన్ని చివర పెట్టాలని మా తమ్ముడు వాదించాడు. నాకు ఒప్పలేదు. చివరి గదిలో ఓడిపోయి మానేసినవాడికి ఆట మొత్తం ఓటమిలాగే మిగులుతుంది. అందుకే పదోది ఆరు పెట్టెల గది, ఒక్క కొత్త సంగతీ లేదు. దాని ఎడమ మూలలో మొదటి లెవెల్లోని సందు అచ్చంగా అలాగే ఉంటుంది, ఐదు గళ్లు, చివర చుక్క. పక్కింటి అమ్మాయి దాన్ని చూడగానే పెట్టె తెచ్చి అందులో పెట్టబోయి, వేలు బాణం మీద ఆపి, గుమ్మంలో ఉన్న పెట్టెకేసి చూసింది. తర్వాత పై వరుసలోంచి చుట్టి నడవడం మొదలుపెట్టింది.