శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లే కాగితం

మూడో తరగతి పిల్లాణ్ని "ఇవాళ బడిలో ఏం చెప్పార్రా?" అని అడిగి చూడండి. ఎక్కువసార్లు వచ్చే జవాబు "ఏం లేదు". వాడు అబద్ధమాడటం లేదు. పొద్దుటి నుంచి జరిగినదంతా కూడదీసి చెప్పడం ఎనిమిదేళ్ల వయసుకి కష్టం. అదే వాళ్లమ్మ "52లోంచి 27 తీసేయాలంటే ఒక కట్ట విప్పాలట కదా, ఏదీ చూపించు" అంటే చీపురుపుల్లల కోసం పరుగెత్తుతాడు. ఆ రెండో ప్రశ్న అమ్మకు తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం నేను మా మూడో తరగతి ఇళ్లకు పంపే ఒక పేజీ లేఖ అందుకే.

దాంట్లో మూడే గళ్లు ఉంటాయి. పైన తేదీలు, మధ్యలో ఈ వారం నేర్చుకున్నవి, కింద ఇంట్లో చేయాల్సిన ఒక్క పని. మొదట్లో పాఠాన్ని పైన పెట్టేదాన్ని. కానీ ఇంట్లోవాళ్లు ముందు వెతికేది సెలవు ఎప్పుడు, ఏం తేవాలి అన్నదే. అది కనిపించేదాకా మిగతా దాని మీద కన్ను నిలవదు. అందుకే తేదీలను పైకి తెచ్చాను. గళ్ల చోటు ఏ వారమూ మార్చను. నాలుగైదు వారాలు గడిస్తే ఏది ఎక్కడ ఉంటుందో వాళ్ల కళ్లకే తెలిసిపోతుంది.

2025 ఆగస్టు 22న వెళ్లిన లేఖనే తీసుకుందాం. తేదీల గడిలో రెండే వాక్యాలు. "ఆగస్టు 27, బుధవారం: వినాయక చవితి, బడి లేదు." "ఆగస్టు 29, శుక్రవారం: తెలుగు భాషా దినోత్సవం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక సామెత నేర్చుకుని రావాలి." తేదీ పక్కన వారం తప్పకుండా రాయాలి. కూలికి వెళ్లేవాళ్లు, షాపు నడిపేవాళ్లు రోజులను వారాలతోనే గుర్తు పెట్టుకుంటారు. ఏదైనా తేవాల్సి ఉంటే ఆ మాట ఆ తేదీ పక్కనే ఉండాలి. తేదీ ఒకచోట, తేవాల్సింది ఇంకోచోట రాస్తే ఆ రోజు సగంమంది పిల్లలు ఉత్త చేతులతో వస్తారు. రెండు వారాలు దాటిన సంగతులు ఈ గడిలోకి రానివ్వను. మధ్యలో తేదీ మారితే పాత లేఖనే దిద్ది మళ్లీ పంపకూడదు, ఏది కొత్తదో ఎవరికీ అర్థం కాదు. "మారింది" అన్న మాటతో మొదలయ్యే ఒక్క వాక్యం విడిగా పంపితే చాలు.

అసలు కష్టం మధ్య గడిలో ఉంది. టీచర్లం అలవాటుకొద్దీ "గణితం: తీసివేతలు, పేజీ ఇంత నుంచి ఇంత వరకు" అని రాసేస్తాం. అది తనిఖీకి వచ్చే అధికారికి పనికొస్తుంది, తల్లికి కాదు. పాఠం పేరు బదులు, పిల్లలు ఇప్పుడు ఏం చేయగలరో రాయాలి. ఆ వారం నేను రాసింది ఇది: "ఒకట్లు చాలనప్పుడు ఒక పదిని విప్పి తీసివేయడం నేర్చుకున్నాం. 52లో ఒకట్లు రెండే ఉన్నాయి, ఏడు తీయలేం. అందుకని ఒక పదుల కట్ట విప్పాం. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. జవాబు 25. మీ పిల్లలు 35 అని చెబితే కంగారు పడకండి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారన్నమాట. చాలామంది అక్కడే తడబడతారు."

ఆ చివరి మాటలు లేఖకు ప్రాణం. తప్పు జవాబు ఏదో, అది ఎందుకు వస్తుందో ముందే తెలిసిన తల్లి పిల్లాడి మీద అరవదు. "పుల్లలతో చేసి చూపించు" అంటుంది. చదువుకున్న తండ్రులతో ఇంకో చిక్కు. వాళ్లు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అని నేర్చుకున్నారు, అదే నేర్పబోతారు. పిల్లాడికి బడిలో ఒక మాట, ఇంట్లో ఇంకో మాట అయిపోయి రెండూ కలగాపులగం అవుతాయి. అందుకే "మీరు నేర్పకండి, వాళ్లతో చెప్పించుకోండి" అని ఒక వాక్యం చేర్చాను.

ఈ ఆలోచన నా సొంతం కాదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఎప్‌స్టీన్, ఆమె సహచరులు ఇంటిపనిని ఈ తీరుగానే రూపొందించారు. అందులో పెద్దవాళ్లు పాఠం చెప్పరు. పిల్లలు తాము నేర్చుకున్నది ఇంట్లోవాళ్లకు చూపిస్తారు, వాళ్లతో మాట్లాడతారు. అక్షరాలు రాని అమ్మ కూడా ఇందులో పూర్తిగా పాలు పంచుకోగలదు కాబట్టి ఇది మన ఊళ్లకు బాగా నప్పుతుంది.

కింది గడిలో ఒక్క పనే ఉండాలి. కొనాల్సింది ఏమీ ఉండకూడదు, పది నిమిషాలు దాటకూడదు, ఇంట్లో ఎలాగూ జరిగే పనిలో ఇమిడిపోవాలి. ఆ వారం ఇచ్చింది చిల్లర ఆట. పిల్లల చేతికి అయిదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇవ్వాలి. నోట్లు లేకపోతే పదేసి చింతగింజల మూటలు అయిదు, విడిగింజలు రెండు చాలు. "నాకు 27 రూపాయలు ఇవ్వు" అని అడగాలి. ఏడు బిళ్లలు లేవు కాబట్టి వాళ్లే ఒక నోటు మార్చమంటారు. పది బిళ్లలు ఇచ్చి చూస్తూ ఉండాలి. కాగితం మీద అంకెను కొట్టేసి పైన ఇంకో అంకె వేయడం వెనక ఉన్నది ఆ చిల్లర మార్పిడే.

ఒకప్పుడు ఈ గడిలో ఆరేడు పనులు రాసేదాన్ని. ఒక్కటి కూడా జరిగేది కాదు. ఏది ముందు చేయాలో తేలక ఆ పేజీని పక్కన పెట్టేసేవారు.

ఇక రూపం సంగతి. మా లేఖను ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు. అందుకే గళ్లు పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి వేస్తాను. ఏ4 పేజీని రెండు నిలువు వరుసలు చేస్తే ఫోన్లో అక్షరం చీమ తలకాయంత అవుతుంది. అచ్చు తీసే ప్రతిలో అక్షరం 14 పాయింట్లు ఉంటుంది. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ కావాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ముద్ద అక్షరాలు తేదీలకు మాత్రమే. మొత్తం నూట యాభై మాటలు మించకుండా చూసుకుంటాను. దాన్నే చదివి ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా కూడా పంపుతాను, చదవడం రాని ఇళ్లకు అదే లేఖ. రాసే మాట ఇంట్లో మాట్లాడుకునే మాటే కావాలి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజునే, ఆగస్టు 29న, భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటప్పుడు "అభ్యసన ఫలితాలు" అంటూ రాయడానికి నాకు చేయి రాదు.

ఏ పిల్లాడి పేరూ, ఎవరి వెనకబాటూ ఇందులోకి రాకూడదు. ఒక బిడ్డ గురించి చెప్పాల్సింది ఆ బిడ్డ అమ్మానాన్నలతో విడిగా చెప్పాలి. అందరికీ వెళ్లే లేఖ ఆ మాటల బరువు మోయలేదు.

లేఖ పనిచేసిందో లేదో సోమవారం పొద్దున తెలుస్తుంది. "చిల్లర ఆట ఎవరితో ఆడారు?" అని అడుగుతాను. ఆడనివాళ్లను ఏమీ అనను. అంటే మర్నాటి నుంచి అందరూ ఆడామనే చెబుతారు. ఆ సోమవారం 28 మందిలో 17 చేతులు లేచాయి. ఒకమ్మాయి వాళ్ల తాతతో కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గరే ఆడిందట. తర్వాత పలకల మీద ఒక లెక్క ఇస్తే ఆరుగురు ఇంకా చిన్న అంకెనే పెద్ద అంకెలోంచి తీశారు. ఆ శుక్రవారం లేఖలో కింది గడి మార్చలేదు. అదే ఆట, అంకెలు మాత్రం వేరు: ఆరు నోట్లు, ఒక బిళ్ల ఇచ్చి 34 రూపాయలు అడగండి. 33 మిగిలిందంటే ఇంకా నోటు మార్చలేదని అర్థం, 27 మిగిలితే వచ్చేసినట్టే.