ఫోన్‌లో వేలితో గీసిన సంతకం గొడవొస్తే నిలబడుతుందా?

కడపలో పెళ్లి వీడియోలు తీసే మా ఫ్రెండ్ ఒకడు ఈమధ్య ఫోన్ చేశాడు. "రేయ్, పార్టీ రూ.45,000కి ఒప్పుకున్నాడు. ఇప్పుడు వాళ్ల పీడీఎఫ్‌లో రూ.36,000 అని ఉంది. రెండింట్లోనూ మా ఇద్దరి సంతకాలే ఉన్నాయిరా!"

కర్నూలులో ఉన్న నేను రెండు ఫైళ్లూ తెప్పించుకుని చూశాను. రెండింటి మీదా ఫోన్‌లో వేలితో గీసిన సంతకాలే. అవి పేజీ మీద అతికించిన బొమ్మలు. సంతకం జోలికి పోకుండా పైన అంకె మార్చేయొచ్చు. ఏది అసలుదో ఫైల్ చెప్పదు.

డిజిటల్ సంతకం బొమ్మ కాదు, లెక్క. ఫైల్ మొత్తాన్నీ కలిపి SHA-256 లాంటి పద్ధతిలో ఒక హాష్ తీస్తారు. దాని మీద సంతకం చేసేవాళ్ల ప్రైవేట్ కీ పనిచేస్తుంది. సరిచూడటానికి సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీ చాలు. ఒక్క అంకె మారినా హాష్ కలవదు. ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ కూడా ఈ రకమే. అలా సంతకం చేసిన కాపీలో 45ని 46 చేసి చూశాను. అక్రోబాట్ రీడర్ వెంటనే "At least one signature is invalid" అంది.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో కనిపించే పసుపు ప్రశ్నార్థకం వేరే సంగతి. ఫైల్ మారిందని దాని అర్థం కాదు. సర్టిఫికెట్ ఇచ్చిన CCA India గొలుసును మీ రీడర్ ఇంకా నమ్మట్లేదని అర్థం. ఇంకో మాట: ప్రింట్ తీసినా, స్క్రీన్‌షాట్ కొట్టినా డిజిటల్ సంతకం పోతుంది. మిగిలేది మళ్లీ బొమ్మే. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి.

అలాగని వేలి సంతకం చెల్లదని కాదు. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం, 2000లోని 10ఎ సెక్షన్ చెబుతుంది. కాకపోతే నిరూపించే బరువు మన మీద పడుతుంది. మా వాడి విషయంలో ఆదుకున్నది అడ్వాన్స్. మొత్తంలో మూడో వంతు ముందే ఇవ్వాలని రెండు కాపీల్లోనూ ఉంది. యూపీఐలో వచ్చింది రూ.15,000. అది 45,000కే సరిపోతుంది, 36,000కి కాదు. పైగా అసలు పీడీఎఫ్ అదే రోజు వాట్సాప్‌లో వెళ్లింది. ఇవి చూపించాక అవతలివాళ్లు తగ్గారు.

కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైల్ హాష్ కూడా రాయాలి. విండోస్‌లో అది ఇలా వస్తుంది:

```
certutil -hashfile oppandam.pdf SHA256
```

ఒప్పందం కుదిరిన రోజే ఈ హాష్‌ను ఇద్దరూ మెయిల్‌లో పంచుకుంటే, తర్వాత ఎవరి కాపీ మారిందో నిమిషంలో తేలుతుంది.

డిజిటల్ సంతకానికీ హద్దుంది. ఫైల్ మారలేదని, ఆ కీ వాడారని మాత్రమే అది చెబుతుంది. మీ ఓటీపీ ఇంకొకరికి చెప్పేస్తే, మీరు చదవని కాగితం మీద కూడా మీ సంతకం "వ్యాలిడ్" అనే కనిపిస్తుంది.