యాడ్-ఆన్ తోడైతే ఖాతా రాబడి ఎంత పెరుగుతుంది?

ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో ఎన్ని నెలనెలా అదనపు డబ్బు కట్టి ఓటీటీ ప్యాక్ లాంటిది కూడా తీసుకున్నాయో చెప్పే శాతమే అటాచ్ రేటు. జియో, ఎయిర్‌టెల్ వంటి కంపెనీల కొన్ని ప్లాన్లలో ఓటీటీలు ముందే కలిసి ఉంటాయి. అక్కడ ఎంచుకునే పని లేదు కాబట్టి ఈ కొలతకు అర్థం లేదు. వినియోగదారుడు తనంతట తాను కోరి తీసుకున్నదే లెక్క.

ఉదాహరణకు ఒక ఆపరేటర్‌కు 10,000 ఖాతాలున్నాయనీ, మూల ప్లాన్ పన్ను కాక నెలకు 600 రూపాయలనీ అనుకుందాం. 150 రూపాయల ఓటీటీ ప్యాక్‌ను 2,000 ఇళ్లు తీసుకున్నాయి. అంటే అటాచ్ రేటు 20 శాతం. 150లో 20 శాతం 30 కనుక ఖాతాకు సగటు రాబడి 630కి చేరుతుంది. ఇల్లంతటికీ సిగ్నల్ అందించే అదనపు వైఫై పరికరాన్ని 100 రూపాయల అద్దెకు 1,000 ఇళ్లు తీసుకుంటే మరో 10 రూపాయలు చేరి సగటు 640 అవుతుంది. రెండూ తీసుకున్న ఇళ్లు ఎన్ని ఉన్నా సగటు మారదు.

రాబడి వేరు, మిగులు వేరు. ఓటీటీ సంస్థకు 110 చెల్లించాల్సి వస్తే ఒక్కో ప్యాక్ మీద 40 మాత్రమే మిగులుతుంది. మొత్తం ఖాతాలపై సర్దితే అది 8 రూపాయలు. వైఫై పరికరం ఖర్చు నెలకు 20 అయితే 80 మిగులుతుంది, దాని సర్దుబాటూ 8 రూపాయలే. సగటు రాబడికి మూడింతలు తోడ్పడినట్టు కనిపించిన ఓటీటీ, మిగులులో చిన్న పరికరాన్ని మించలేదన్నమాట. అటాచ్ రేటును మాత్రమే చూసి అమ్మకాల సిబ్బందికి ప్రోత్సాహకాలిచ్చే సంస్థలు ఈ తేడాను గమనించవు. ఇది ఖరీదైన పొరపాటు.

ఉచిత ట్రయల్ మరో చిక్కు తెస్తుంది. మూడు నెలలు ఉచితమంటే 4,000 ఇళ్లు ఆన్ చేసుకోవచ్చు. రేటు 40 శాతంగా కనిపించినా రాబడి రూపాయి పెరగదు. నాలుగో నెలలో డబ్బు కట్టినవాళ్లు 1,200 మందే అయితే అసలు రేటు 12 శాతం. అందుకే బిల్లు చెల్లించిన ఖాతాలనే లెక్కించాలి.

అన్నిటికంటే మోసపుచ్చేది ఖాతాలు తగ్గిపోవడం. పై ఆపరేటర్‌ను 600 రూపాయలు మాత్రమే కట్టే 1,000 ఇళ్లు వదిలేశాయనుకుందాం. నెల రాబడి 64 లక్షల నుంచి 58 లక్షలకు పడిపోతుంది. కానీ మిగిలిన 9,000 ఖాతాలకు సగటు 644 రూపాయలకు, ఓటీటీ అటాచ్ రేటు 22 శాతానికి పెరుగుతాయి. రెండు కొలతలూ మెరుగైనట్టే కనిపిస్తాయి. నిజంగా యాడ్-ఆన్ల వల్లే పెరిగిందో లేదో తెలియాలంటే, ఏడాది క్రితం చేరిన ఖాతాలను, మధ్యలో వదిలేసినవాటిని సున్నా రాబడిగా కలుపుకొని, అదే జట్టుగా అప్పటికీ ఇప్పటికీ పోల్చాలి.