పోయిన నెల కాదు, అంతకుముందు నెల

మన దగ్గర ఫోన్ గ్యాలరీ శుభ్రం చేసేది ఎప్పుడు? "స్టోరేజ్ ఫుల్" అని వచ్చినప్పుడే. అది వచ్చేది ఎప్పుడూ తప్పు టైంలోనే. ల్యాబ్ రికార్డు స్కాన్ చేస్తుండగానో, స్టేజి మీద మన బ్రాంచి వాళ్ళ డాన్స్ సగంలో ఉండగానో వస్తుంది. ఆ కంగారులో వేలికి రెండు రకాలే తగులుతాయి: పెద్ద వీడియోలు, సరిగ్గా రాని ఫొటోలు. ఇక్కడే నష్టం. ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటోలు చాలావరకు సరిగ్గా రానివే. మా నానమ్మ ఫోన్ చూడగానే మొహం తిప్పేసుకుంటుంది. ఆవిడవి నా దగ్గర ఉన్న ఫొటోల్లో సగం అలా తిప్పుకుంటుండగా పడ్డవే. "మసక ఫొటోలు తీసెయ్యమంటారా?" అని గ్యాలరీ యాప్ తనంతట తాను పోగేసి చూపించే కుప్పలో ఆవిడే ముందుంటుంది.

అందుకే తీసెయ్యడానికి స్టోరేజ్‌తో సంబంధం లేని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడాదిగా నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

నెలలో మొదటి ఆదివారం, మెస్‌లో చికెన్ తిని మంచం ఎక్కాక, పోయిన నెల కాకుండా దాని ముందు నెల తెరుస్తాను. మార్చిలో జనవరి, ఏప్రిల్‌లో ఫిబ్రవరి. ఆ ఒక్క నెలే చూస్తాను, ఇంకేదీ ముట్టుకోను. ప్రతి ఫొటోకీ మొదటి ప్రశ్న: ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా? దొరుకుతుందంటే తీసేస్తాను. దొరకదంటే రెండో ప్రశ్న: దీంతో ఇంకా పని ఉందా, లేదా ఇందులో నావాళ్ళు ఎవరైనా ఉన్నారా? రెండూ కాదంటే అదీ పోతుంది. బాగా వచ్చిందా లేదా అన్న ప్రశ్న అసలు లేదు, గమనించండి.

ఒక నెల ఎందుకు ఆగాలి? పోయిన నెల స్క్రీన్‌షాట్లలో సగం ఇంకా బతికే ఉంటాయి. బస్సు టికెట్, ఇంటర్న్‌షిప్ నోటీసు, ఫ్రెండ్ పంపిన అడ్రస్, వీటి పని అయిందో లేదో అప్పుడే చెప్పలేం. ఇంకో నెల గడిస్తే వాటంతట అవే తేలిపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఫెస్ట్ అయిన వారంలో ప్రతి సెల్ఫీ బంగారంలా కనిపిస్తుంది. ఆరు వారాల తర్వాత అదే పోజు పద్నాలుగు సార్లు ఉందని తెలుస్తుంది.

జనవరినే తీసుకుందాం. నా ఫోన్‌లో మొత్తం 1,146 ఉన్నాయి, దాదాపు 9 జీబీ. విడదీసి చూస్తే లెక్క ఇలా తేలింది: స్క్రీన్‌షాట్లు 212, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు 430, కెమెరాతో తీసిన ఫొటోలు 460, వీడియోలు 44. ఆ 44 వీడియోలే 7 జీబీ. స్క్రీన్‌షాట్లూ వాట్సాప్ బొమ్మలూ కలిపినా పావు జీబీ లేవు. మనం గంటసేపు గుడ్ మార్నింగ్ బొమ్మలు ఏరి పారేసి, ఏమీ ఖాళీ కాలేదేంట్రా అనుకునేది ఇందుకే. అందుకని వీడియోలతో మొదలుపెడతాను. ఓపిక ఉన్నప్పుడే పెద్దవి తేలిపోవాలి.

ఆ 44లో 26 మా ఫెస్ట్ డాన్స్ రిహార్సల్స్. ఎవరో కెమెరాని 4కేలో పెట్టి వదిలేశారు. ఫోన్‌ని బట్టి మారుతుంది గానీ, 4కేలో నిమిషం వీడియో వందల ఎంబీలు తినేస్తుంది. స్టెప్పులు నేర్చుకోవడానికి తీసినవి, ప్రోగ్రాం అయిపోయింది, పని లేదు. మరి అందులో నావాళ్ళు ఉన్నారు కదా అంటే, ఉన్నారు. కానీ ఒకే రిహార్సల్ 26 సార్లు ఉన్నప్పుడు ఒకటి ఉంచితే మిగతా 25 "మళ్ళీ దొరికినట్టే". అందరూ కిందపడి నవ్వుతున్నది ఒకటి ఉంచాను. స్టెప్పులు సరిగ్గా వచ్చినవన్నీ పోయాయి.

తర్వాత సంక్రాంతివి. గాలిపటాలు, గంగిరెద్దు, మేడ మీద నుంచి తీసిన భోగిమంట. మంట వీడియోలో మంట తప్ప ఎవరూ లేరు, తీసేశాను. నానమ్మ ముగ్గు పెడుతున్న వీడియో ఒకటి ఆరు నిమిషాలుంది. అందులో ఆవిడ మాట్లాడేది నలభై సెకన్లు, మిగతాదంతా వంగిన వీపూ, చుక్కలూ. కత్తిరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కత్తిరించే ముందు ఒకటి తెలుసుకోండి: చాలా ఫోన్లలో ట్రిమ్ చేసి Save copy నొక్కితే కొత్త ముక్క తయారవుతుంది, అసలు వీడియో అలాగే ఉంటుంది. అంటే స్టోరేజ్ తగ్గకపోగా పెరుగుతుంది. ముక్కని చివరిదాకా సౌండ్‌తో సహా విని, ఆ తర్వాతే అసలుది తియ్యాలి. నానమ్మ వీడియోని మాత్రం నేను కత్తిరించలేదు. ఆ చుక్కల లెక్క ఇంట్లో ఇంకెవరికీ రాదు.

స్క్రీన్‌షాట్లకి ఐదు నిమిషాలు చాలు. ఓటీపీలు, మీమ్‌లు, టైంటేబుల్, క్రికెట్ స్కోరు, అన్నీ పోయేవే. ఆగాల్సింది రెండు చోట్ల. ఒకటి బోర్డు ఫొటోలు: జనవరి క్లాసులవి మార్చిలో చూస్తే సెమ్ ఎండ్ ఇంకా రాలేదు, అంటే పని ఉంది. అయితే వాటి చోటు గ్యాలరీ కాదు. సబ్జెక్ట్ పేరుతో ఫోల్డర్ చేసి అందులో వేస్తాను, లేదా స్కాన్ యాప్‌తో ఒక పీడీఎఫ్ చేసేసి ఫొటోలు తీసేస్తాను. రెండోది, ఎప్పుడైనా గొడవ వస్తే చూపించాల్సినవి. బయట రూమ్‌లో దిగిన రోజు గోడల మరకలు, పగిలిన కిటికీ అద్దం తీసి పెట్టుకున్న ఫొటోలు అడ్వాన్స్ తిరిగి చేతిలో పడేదాకా ఉండాల్సిందే. ఫీజు కట్టిన స్క్రీన్‌షాట్ రసీదు వచ్చేదాకా. ఎవరైనా వేధిస్తూ పెట్టిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ అయితే గడువే లేదు, చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉన్నా సరే.

ఇక "మళ్ళీ దొరుకుతుంది" అన్న మాట గురించి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పద్ధతి బెడిసికొట్టేది అక్కడే. "వాడి దగ్గర ఉంటాయిలే" అని నువ్వు తీసేస్తావు. "వీడి దగ్గర ఉంటాయిలే" అని వాడూ తీసేస్తాడు. టూర్ ఫొటోలు అలా ఇద్దరి దగ్గరా మాయమవుతాయి. కాబట్టి దొరుకుతుంది అంటే ఎక్కడ ఉందో చెప్పగలగాలి, ఒకసారి తెరిచి చూడాలి. డ్రైవ్ లింక్ అయితే అది ఎవరి అకౌంటో కూడా చూడండి. కాలేజీ మెయిల్ ఐడీ మీద ఉన్న డ్రైవ్‌ని చాలా కాలేజీలు మనం పాసై వెళ్ళాక మూసేస్తాయి. ఫైనలియర్ వాళ్ళు ఇది ఇప్పుడే చూసుకుంటే మంచిది.

"వాట్సాప్ చాట్‌లో ఉంటుందిగా" అనేది కూడా జవాబు కాదు. ఆండ్రాయిడ్‌లో గ్యాలరీలో కనిపించే వాట్సాప్ ఫొటో, చాట్‌లో కనిపించే ఫొటో ఒకే ఫైల్. గ్యాలరీలో తీసేస్తే చాట్‌లో మసక ముక్క మిగులుతుంది. పాతదైతే మళ్ళీ డౌన్‌లోడ్ కాదు, పంపినవాళ్ళనే ఇంకోసారి పంపమని అడగమంటుంది. కాబట్టి ఆ 430 బొమ్మల్లో కూడా ఒకసారి కళ్ళు పెట్టాలి. నావాటిలో దేవుడి పటాలు, ఆఫర్లు, నోటీసులు పోగా పిన్ని పంపిన పెళ్ళి ఫొటోలు పదకొండు మిగిలాయి. తీసేవాటి కోసం ఒక్కొక్కటి ఏరక్కర్లేదు. ముందు ఉంచాల్సినవాటిని వేరే ఆల్బమ్‌లోకి మార్చండి, తర్వాత ఆ నెలలో మిగిలినవన్నీ ఒకేసారి సెలెక్ట్ చెయ్యండి. ఆల్బమ్‌లోకి మార్చడం అంటే "మూవ్". గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ అనేది ఉత్త చీటీ లాంటిది, ఫొటో అసలు చోటులోనే ఉంటుంది. అక్కడ ఆల్బమ్‌లో వేశాను కదా అని బయట తీసేస్తే ఆల్బమ్‌లోంచి కూడా పోతుంది.

గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక. ఆ యాప్‌లో డిలీట్ కొడితే ఫోన్‌లోదీ, క్లౌడ్‌లోదీ రెండూ పోతాయి. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే నొక్కాల్సింది Free up space. అది బ్యాకప్ అయినవాటినే ఫోన్‌లోంచి తీస్తుంది. అయినా అది ఈ పద్ధతికి బదులు కాదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ కలిసి పంచుకుంటాయి. చెత్తంతా పైకి ఎక్కిస్తే ఫోన్ నిండే బదులు అది నిండుతుంది, అప్పుడు మెయిల్స్ రావడం ఆగుతుంది. ప్లేస్‌మెంట్ సీజన్‌లో అలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తీసేశాక ట్రాష్ ఖాళీ చెయ్యను. తీసినవి అందులో ఉన్నంతసేపు చోటు ఆక్రమించే ఉంటాయి కాబట్టి స్టోరేజ్ అంకె వెంటనే మారదు, కంగారు పడక్కర్లేదు. ఐఫోన్‌లోనూ, చాలా ఆండ్రాయిడ్ గ్యాలరీల్లోనూ 30 రోజులకి వాటంతట అవే పోతాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవాటికి 60 రోజులు. నెలకోసారి అన్న లెక్క ఇందుకే కుదురుతుంది: మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కిందటిసారి తీసినవి వెళ్ళిపోయో, వెళ్ళబోతూనో ఉంటాయి. ఈలోపు ఏదైనా కావాల్సి వస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. నెలలో ఒకటో రెండో వెనక్కి తెస్తే మామూలే. పది తెచ్చారంటే మీరు "దొరుకుతుంది" అని తెరిచి చూడకుండానే అంటున్నారని అర్థం.

జనవరి లెక్క చివరికి ఇలా మిగిలింది: 1,146లో 203. వీడియోలు 44లో 9. తొమ్మిది జీబీలో రెండు కూడా లేవు. పట్టిన టైం ముప్పావు గంట, అందులో పావుగంట గంగిరెద్దు వీడియో మళ్ళీ మళ్ళీ చూసినందుకు.

"మరి నాలుగేళ్ళ పాత బాకీ సంగతేంటి?" అని మా రూమ్మేట్ అడిగాడు. వాడి ఫోన్‌లో ముప్పై వేలు దాటాయి. ఒక్క రోజులో కూర్చుంటే మూడో వేయికి వేలు దానంతట అదే డిలీట్ మీద పడుతుంది, స్టోరేజ్ ఫుల్ నాటి కంగారు మళ్ళీ మొదలవుతుంది. నేను చెప్పింది ఇది: ఈ ఆదివారం జనవరి అయ్యాక, ఓపికుంటే పోయినేడాది జనవరి కూడా తెరువు. లేకపోతే వదిలెయ్. వాడు ఆ పాత జనవరిలోనే ఆగిపోయాడు. అందులో వాళ్ళ తాతయ్య ఉన్నాడు, కళ్ళజోడు మీద ఫ్లాష్ పడి మొహం సగమే కనిపిస్తోంది.