మెమోలో ఒక్క ఎఫ్

మార్కులకు అలవాటు పడిన తల్లిదండ్రులు సెమిస్టర్ మెమో చూసి ‘ఇంతకీ ఎన్ని మార్కులొచ్చాయి?’ అనడం మామూలే. ఇక్కడ చూడాల్సింది క్రెడిట్లు. ఆ సబ్జెక్టుకున్న బరువే క్రెడిట్. వచ్చిన గ్రేడుకు పాయింట్లుంటాయి: ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, ఎఫ్ సున్నా.

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో మొత్తం 20 క్రెడిట్లనుకుందాం. నాలుగు క్రెడిట్ల గణితంలో బీ వస్తే 24, నాలుగు క్రెడిట్ల ఫిజిక్స్‌లో ఏ వస్తే 32. మూడేసి క్రెడిట్లున్న ప్రోగ్రామింగ్‌లో ఏ ప్లస్‌కు 27, ఇంగ్లీషులో ఏకు 24, ల్యాబ్‌లో ఓకు 30. మూడు క్రెడిట్ల డ్రాయింగ్ మాత్రం తప్పాడు. మొత్తం 137.

దీన్ని 20తో భాగిస్తే ఎస్‌జీపీఏ 6.85. పాసైన 17 క్రెడిట్లతోనే భాగిస్తే 8.06! పిల్లలు ఇంట్లో చెప్పేది తరచూ ఈ రెండోదే. ఫెయిలైన క్రెడిట్లను కూడా లెక్కలో కలపాలనేది జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతి. కాబట్టి ముందు మీ యూనివర్సిటీ నిబంధన చూడండి.

సప్లిమెంటరీలో డ్రాయింగ్ సీతో గట్టెక్కితే 15 పాయింట్లు కలిసి 7.6 అవుతుంది. రెండో సెమిస్టర్‌లో 22 క్రెడిట్లకు 8 వచ్చిందనుకోండి. 152కు 176 కలిపి 42తో భాగిస్తే సీజీపీఏ 7.81. బ్యాక్‌లాగ్ అలాగే ఉండిపోతే 7.45 దగ్గరే ఆగుతుంది.